n రెండా, ఇరవై ఐదా?

పరీక్షల ముందు వారాల్లో నా దగ్గరకు వచ్చే బీటెక్ పిల్లలు దాదాపు అందరూ ఒకే లెక్కతో వస్తారు. మన ఇంజనీరింగ్ పుస్తకాల్లో తరాలుగా తిరుగుతున్న లెక్క అది: పాపులేషన్‌లో 2, 3, 6, 8, 11 అని ఐదే సంఖ్యలు. అందులోంచి రెండేసి చొప్పున, తీసినదాన్ని మళ్లీ వెనక్కి వేస్తూ, ఎన్ని శాంపిళ్లు తీయొచ్చో అన్నీ రాసి, వాటి సగటుల స్టాండర్డ్ ఎర్రర్ చెప్పాలి.

మొదటి సగం అందరూ సాఫీగానే చేస్తారు. ఐదింటి సగటు 6. సగటుకు ఒక్కొక్కటి ఎంత దూరమో చూసి, ఆ దూరాల వర్గాలు కూడితే 54. ఐదుతో భాగిస్తే వేరియన్స్ 10.8, దాని వర్గమూలం 3.29. అది పాపులేషన్ స్టాండర్డ్ డీవియేషన్. కొందరు అలవాటు కొద్దీ నాలుగుతో భాగిస్తారు. ఇక్కడ మన చేతిలో ఉన్నది శాంపిల్ కాదు, మొత్తం పాపులేషనే కాబట్టి n-1కు పని లేదు.

తర్వాత 25 శాంపిళ్లు, 25 సగటులు రాస్తారు. (2, 2)కు 2, (2, 3)కు 2.5, అలా (11, 11)కు 11 దాకా. సరిగ్గా ఇక్కడే పెన్ను ఆగుతుంది.

"సార్, ఇరవై ఐదు శాంపిళ్లు తీశాం కదా, మరి √25తోనే కదా భాగించాలి?"

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అడగనివాళ్లు అలాగే చేసి, 0.66 అని రాసి వెళ్లిపోతారు. నేను సూత్రం చెప్పను. వాళ్లు రాసిన 25 సగటులనే కొత్త డేటా అనుకుని వాటి స్టాండర్డ్ డీవియేషన్ కట్టమంటాను. కాస్త విసుగు పని, కానీ చేయించాల్సిందే. సగటుల సగటు మళ్లీ 6 వస్తుంది. వేరియన్స్ 5.4 వస్తుంది, అంటే 10.8లో సరిగ్గా సగం. వర్గమూలం 2.32. ఇప్పుడు √10.8ని √2తో భాగించి చూడమంటే అదే 2.32. σ/√n లోని n ఒక్కో శాంపిల్‌లో ఎన్ని సంఖ్యలున్నాయో చెప్పేది, అంటే 2. ఇరవై ఐదు అనేది శాంపిళ్ల జాబితా పొడవు మాత్రమే. ఆ 25 సగటుల పట్టికే శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్, దాని స్టాండర్డ్ డీవియేషనే స్టాండర్డ్ ఎర్రర్.

మరి 0.66 తప్పుడు సంఖ్యా? వేరే ప్రశ్నకు అది సరైన జవాబే. ఒక్కో శాంపిల్‌లో రెండు కాకుండా 25 సంఖ్యలు తీస్తే స్టాండర్డ్ ఎర్రర్ 3.29/5, అంటే 0.66. ఇక్కడ ఇంకో అపోహ కాచుకుని ఉంటుంది: n పెరిగితే డేటా చెదురు తగ్గి గంట ఆకారంలోకి వస్తుందని. తీసి చూడండి. ఆ 25 సంఖ్యలూ 2, 3, 6, 8, 11లలో ఏవో ఒకటే. గ్రాఫ్ గీస్తే ఐదు గీతలే నిలబడతాయి, వాటి స్టాండర్డ్ డీవియేషన్ 3.29 చుట్టుపక్కలే ఉంటుంది. అలాంటి శాంపిళ్లు అనేకం తీసి, ఒక్కోదాని సగటును గీస్తే ఆ సగటులు 6 చుట్టూ గుమిగూడి గంట ఆకారానికి దగ్గరవుతాయి. సెంట్రల్ లిమిట్ థీరమ్ మాట ఇచ్చేది సగటుల గురించే, డేటా గురించి కాదు. నా లెక్కన పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది ఈ ఒక్క చోటే.

ప్రశ్న రెండో భాగంలో తీసినదాన్ని వెనక్కి వేయరు. అప్పుడు శాంపిళ్లు 10, సగటుల సగటు 6 అలాగే ఉంటుంది, స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం 2.01కి దిగుతుంది. వేరియన్స్‌ను (N-n)/(N-1)తో, అంటే 3/4తో గుణించడం వల్ల 5.4 కాస్తా 4.05 అయింది. ఈ గుణకం ఎందుకో తెలియాలంటే ఐదింటినీ ఒకేసారి తీయండి. శాంపిల్ ఒక్కటే, సగటు ఎప్పుడూ 6, కాబట్టి ఎర్రర్ సున్నా కావాలి. గుణకంలో N-n కూడా సున్నాయే.

ఇంత తెలిశాక కూడా వచ్చే ప్రశ్న ఒకటుంది: "లక్షమందికి 400 శాంపిల్ సరిపోతే, కోటిమందికి ఇంకా చాలా కావాలి కదా సార్?" చెదురు రెండు చోట్లా ఒకటే అనుకుని, గుణకం వర్గమూలం కట్టమంటాను. లక్షకు 0.998, కోటికి 0.99998. రెండో దశాంశం దాకా రాస్తే రెండూ 1.00. ఐదులోంచి రెండు తీసినప్పుడు అదే విలువ 0.87. అందుకే పుస్తకం లెక్కలో దాన్ని వదిలేస్తే మార్కు పోతుంది, ఇలాంటి పెద్ద సర్వేల్లో మాత్రం దాన్ని సాధారణంగా తలవరు.