సింకు కింద కారే నీరు, ఓనరుకు రాసే ఉత్తరం

అద్దె ఇంట్లో వంటింటి సింకు కింద నీళ్లు కారితే మనలో చాలామంది ఓనరుకు పంపేది ఒకే ముక్క: "సింకు లీకవుతోందండీ, ప్లంబర్ని పంపండి." ఆయన పంపుతారు. ప్లంబరు ఒక వాషర్ మార్చి, ఒక జాయింటుకు ఎం-సీల్ పట్టించి వెళ్తాడు. నెల తిరగకముందే సింకు కింది చెక్క అర మళ్లీ తడుస్తుంది, మళ్లీ అదే ముక్క వెళ్తుంది. మొదటిసారి కారడానికీ, బాగు చేయించిన తర్వాత తిరిగి కారడానికీ చాలా తేడా ఉంది. మొదటిసారి కారితే ఏదో ఒక భాగం పాడైందని అర్థం. తిరిగి కారిందంటే మాత్రం పాడైనది ఏదో ఎవరూ సరిగా పట్టుకోలేదని అనుమానించాలి. అందుకే ఇలాంటి లీకు గురించి రాసే ఉత్తరంలో మరమ్మతు కావాలని అడగడం కన్నా ముందు ఉండాల్సిన సంగతి ఒకటుంది. నీరు ఏ సమయంలో, ఏ పని చేస్తే, ఎక్కడి నుంచి వస్తోందో అందులో ఉండాలి. మరమ్మతు నిలుస్తుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడుతుంది. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదీ దీని మీదే ఆధారపడుతుంది.

ఖర్చు సంగతి ముందు చూద్దాం. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో ఏ మరమ్మతు ఎవరిదో చెప్పే జాబితా ఉంది. అవసరమైనప్పుడు పైపులు మార్చడం ఇంటి యజమాని వంతు. కుళాయిలు, వాటి వాషర్లు మార్చడం, డ్రెయిన్ శుభ్రం చేయించడం, వంటింటి ఫిట్టింగుల మరమ్మతు అద్దెదారు వంతు. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటేనే అమలవుతుంది. పైగా మన అగ్రిమెంట్లలో చాలావాటిలో "చిన్న రిపేర్లు అద్దెదారువి, పెద్దవి ఓనరువి" అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. అయినా ఆ జాబితాను సింకు కింద పెట్టి చూస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆ రెండడుగుల చోటులోనే ఇద్దరి బాధ్యతలూ కలుస్తాయి. అదే నీరు వాషర్ వల్ల కారితే ఒకరిది, గోడలోని పైపు వల్ల కారితే ఇంకొకరిది. "లీకవుతోంది" అని మాత్రమే రాస్తే ఓనరు దాన్ని వాషర్ అనుకుంటారు, అద్దెదారు పైపు అనుకుంటాడు. ఇద్దరి దగ్గరా ఆధారం ఉండదు.

ఆధారం సంపాదించడం మాత్రం కష్టం కాదు. సింకు కింద నీరు కారగల దారులు ముఖ్యంగా మూడు. ఒకటి కుళాయికి నీరు తెచ్చే వైపు: గోడకు ఉన్న యాంగిల్ కాక్, దాని నుంచి పైకి వెళ్లే కనెక్షన్ పైపు. ఇందులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది కాబట్టి కుళాయి కట్టేసి ఉన్నా, ఇంట్లో అందరూ నిద్రపోతున్నా చుక్క పడుతూనే ఉంటుంది. రెండోది వాడిన నీరు పోయే వైపు: సింకు అడుగున జాలీ ఉన్న కప్లింగ్, దాని కింద బాటిల్ ట్రాప్ లేదా మడతల ప్లాస్టిక్ పైపు, అది గోడలోకో నేలలోకో దిగే చోటు. ఇక్కడ సింకులోంచి నీరు పోతున్నప్పుడు, పోయిన కాసేపటి వరకు మాత్రమే కారుతుంది. మూడోది సింకు అంచుకూ గ్రానైట్ గట్టుకూ మధ్య సీలు. గిన్నెలు కడిగేటప్పుడు గట్టు మీద చిందిన నీరు ఆ సందులోంచి దిగి, పైపు వెంబడి జారి, అడుగున చుక్కగా పడుతుంది. చూసేవాళ్లు పైపే కారుతోందనుకుంటారు. నీరు పడే చోటు వేరు, పుట్టే చోటు వేరు కావడం వల్లనే ప్లంబర్లు కూడా తడిగా కనిపించిన జాయింటుకు మందు పూసి వెళ్లిపోతుంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్, రెండో అంతస్తులో అద్దెకున్న కుటుంబం, విజయవాడలో ఉంటున్న ఓనరు. ఆరు నెలల్లో మూడుసార్లు ప్లంబరు వచ్చాడు. మొదట కప్లింగ్ వాషర్ మార్చాడు, తర్వాత వేస్ట్ పైపు మార్చాడు, మూడోసారి పైపు గోడలోకి వెళ్లే చోట ఎం-సీల్ పెట్టాడు. అయినా నీరు ఆగలేదు. ఇప్పుడు అద్దెదారు చేయాల్సింది సింకు కింద సామాను తీసేసి, అన్నీ పొడిగుడ్డతో తుడిచి, ప్రతి జాయింటుకూ టిష్యూ కాగితం చుట్టి, రాత్రంతా సింకు వాడకుండా ఉంచడం. తెల్లారేసరికి కాగితాలన్నీ పొడిగా ఉంటే నీరు తెచ్చే వైపు తప్పు లేదు. తర్వాత గట్టు మీద, సింకు అంచు చుట్టూ చెంబుడు నీళ్లు మెల్లగా పోయాలి. కాగితాలు అప్పటికీ పొడిగానే ఉంటే సీలు బాగున్నట్టు. ఆ తర్వాత కుళాయిని సన్నగా రెండు నిమిషాలు వదలాలి. మన ఉదాహరణలో అప్పుడూ చుక్క పడదు. చివరగా జాలీని మూసి, సింకును అంచుదాకా నింపి, నీటిని ఒక్కసారిగా వదిలితే, గోడ దగ్గరి జాయింటులోంచి నీరు ఎగదన్ని వస్తుంది.

ఈ ఫలితం చాలా విషయాలు చెబుతుంది. సన్నగా వదిలితే పోయిన నీరు, ఒక్కసారిగా వదిలితే వెనక్కి తన్నిందంటే, గోడ అవతల పైపు అంత నీటిని తీసుకోవడం లేదు. జాయింటు కారణం కాదు, పోలేని నీరు బయటపడే చోటు మాత్రమే. దాని మీద జిడ్డూ తడీ ఉండగా ఎం-సీల్ పెడితే పట్టదు. ఒకవేళ పట్టినా, నీరు ఇంకో బలహీనమైన జాయింటును వెతుక్కుంటుంది. ఇంకొక్క పరీక్ష మిగిలి ఉంది. కింద బకెట్టు పెట్టి బాటిల్ ట్రాప్ గిన్నెను తిప్పి ఊడదీయాలి. అందులో అన్నం మెతుకులు, గట్టిపడ్డ నూనె నిండి ఉంటే శుభ్రం చేయడం అద్దెదారు పనే, ఆ మాట ఒప్పుకోవాలి. ట్రాప్ శుభ్రంగా ఉండి కూడా నీరు ఎగదన్నుతుంటే అడ్డంకి దాని అవతల ఉంది. అడ్డంగా పోయే వేస్ట్ పైపుకు మీటరుకు సుమారు రెండు సెంటీమీటర్ల వాలు ఉండాలి. కట్టేటప్పుడు ఆ వాలు ఇవ్వకపోతే నీరు పోయినా జిడ్డు మిగిలిపోతుంది, కడిగించిన కొన్ని వారాలకే మళ్లీ పేరుకుంటుంది. అపార్ట్‌మెంట్‌లో అడ్డంకి పైనుంచి కిందికి దిగే ఉమ్మడి పైపులో కూడా ఉండొచ్చు. అది అసోసియేషన్ చూడాల్సిన పని, వాళ్లను అడగాల్సింది ఓనరు.

ఇంతా తెలిశాక రాసే ఉత్తరం పొడుగ్గా ఉండనక్కర్లేదు. తేదీ, ఫ్లాట్ నంబరు వేసి ఇలా రాస్తే చాలు:

"నమస్కారమండీ. వంటింటి సింకు కింద నీరు కారడం గురించి రాస్తున్నాను. ఇంతకుముందు మూడుసార్లు మీరు ప్లంబర్ని పంపారు, వాషర్, వేస్ట్ పైపు, గోడ దగ్గర సీలు బాగు చేశారు. ప్రతిసారీ మూడు నాలుగు వారాలకు మళ్లీ మొదలైంది. నిన్న పరీక్షించి చూశాం. రాత్రంతా వాడకుండా ఉంచితే చుక్క పడలేదు. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలితే గోడలోకి పైపు వెళ్లే చోట నీరు వెనక్కి తన్నింది. ట్రాప్ తీసి చూశాం, శుభ్రంగానే ఉంది. గోడ అవతలి పైపులో అడ్డంకి గానీ, వాలు లోపం గానీ ఉన్నట్టుంది. దయచేసి పది రోజుల్లోగా ఆ పైపును పరీక్షించి, అవసరమైతే మార్పించండి. అసోసియేషన్ వాళ్లతో కూడా మాట్లాడగలరు. సింకు కింది అర చెక్క ఉబ్బుతోంది, ఫొటోలు, వీడియో జతచేశాను. ఏ రోజైనా సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం పూర్తిగా ఇంట్లో ఉంటాం."

ఈ ఉత్తరంలో కోపం లేదు, నింద లేదు. మూడుసార్లు ప్లంబర్ని పంపిన సంగతి కృతజ్ఞతతోనే కనిపిస్తుంది, అదే సమయంలో ఆ మూడు మరమ్మతులూ తప్పు చోట జరిగాయని కూడా చెబుతుంది. చెక్క ఉబ్బుతోందని ఇప్పుడే రాయడం ఖాళీ చేసే రోజున పనికొస్తుంది. అప్పుడు అడ్వాన్సులోంచి చెక్క ఖర్చు కోస్తామంటే, దానికి కారణమేమిటో, ఎప్పుడు తెలియజేశామో కాగితం మీద ఉంటుంది.

ఇంత వివరంగా రాయడం అద్దెదారు పనా, అద్దె కడుతున్నాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. లోపం కనిపెట్టడం ప్లంబరు పని. కానీ ప్లంబరు ఆ ఇంట్లో ఉండేది అరగంట. రాత్రి కారిందా, గిన్నెలు కడిగినప్పుడు కారిందా అన్నది అక్కడ బతికేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ సమాచారం ఇవ్వకుండా మంచి మరమ్మతును ఆశించలేం. అద్దెదారు కారణాన్ని తేల్చి చెప్పనక్కర్లేదు, చూసింది చెబితే చాలు. అందుకే పై ఉత్తరంలో "ఉన్నట్టుంది" అని రాశాం. ఊహను తీర్పులా రాస్తే, అది తప్పని తేలినరోజున మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది.

ఇంకో అభ్యంతరం బలమైనది. మన దగ్గర ఓనరుతో మాటలు ఫోన్లోనే నడుస్తాయి, కాగితం పెడితే గొడవకు దిగినట్టు భావిస్తారు, అగ్రిమెంటు పదకొండు నెలలదే కాబట్టి ఖాళీ చేయమంటారేమోనని భయం. ఆ భయం ఒట్టిది కాదు. దానికి మందు ఉత్తరం మానేయడం కాదు, ముందు ఫోన్ చేసి "వివరాలన్నీ రాసి పంపుతున్నానండీ, మీరు ప్లంబరుకు చూపించడానికి వీలుగా ఉంటుంది" అని చెప్పడం. దూరాన ఉన్న ఓనరుకు నిజంగానే అది ఉపయోగం. వాట్సాప్‌లో పంపినా ఫరవాలేదు, తేదీ నిలిచి ఉంటే చాలు. తేదీ ఎందుకంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన మరమ్మతును నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో వేరేలా రాసుకుంటే ఆ ఒప్పందమే చెల్లుతుంది. పైగా ఆ మరమ్మతు ఓనరు బాధ్యతేనని ముందు తేలాలి. అందుకని మొదటి ఉత్తరంలోనే అద్దె కోస్తానని రాయడాన్ని నేను సమర్థించను. ఆ హక్కుకు కావలసిన తేదీ, ఆధారం మాత్రం అందులో ఉండాలి.

నాలుగైదు వందలకు ప్లంబరు దొరుకుతాడు, తానే పెట్టుకుంటే పోదా అనేవాళ్లూ ఉంటారు. వాషర్ అయితే తప్పకుండా అలాగే చేయాలి, దానికి ఉత్తరమే అక్కర్లేదు. గోడలోని పైపు అలా తీరదు. గంటకు వంద మిల్లీలీటర్లు కారినా రోజుకు దాదాపు రెండున్నర లీటర్లు. అది గట్టు కింది గోడలోకి, కింది ఫ్లాట్ పైకప్పులోకి దిగుతుంది. ఆ పైపును పగలగొట్టి మార్చే అధికారం అద్దెదారుకు లేదు, అసోసియేషన్ అతని మాట మీద షాఫ్ట్ తలుపు తెరవదు. ఓనరును కదిలించకుండా ఇందులో ఏదీ జరగదు.

పైపు బాగు చేయించాక ఇంకో చిన్న ఉత్తరం రాయాలి. మరమ్మతు అయిన రోజు, మళ్లీ రెండు వారాల తర్వాత, సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, గోడ దగ్గర కాగితం తడిసిందో లేదో చూసి ఆ సంగతి ఓనరుకు తెలపాలి. తడవకపోతే లెక్క ముగిసింది. తడిస్తే, ఈసారి వాషర్ దాకా వెళ్లకుండా నేరుగా వాలు కొలవమని అడగొచ్చు.