ఒకే రచయిత కథలపై పరిశోధన: ఆధారాల నమోదు - మధురాంతకం రాజారాం కథలు ఉదాహరణగా

వ్యాససంగ్రహం:
ఒక కథకుని రచనలపై వెలువడే పరిశోధన వ్యాసాల్లో ఆధారగ్రంథసూచి పుస్తకాన్ని చూపుతుంది గాని కథను చూపదు. దీనివల్ల కథల కాలనిర్ణయంలోనూ, ఇతరుల అభిప్రాయాలను వాడుకోవడంలోనూ ఏర్పడే దోషాలను మధురాంతకం రాజారాం కథల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మధురాంతకం రాజారాం, కథానిక, ఆధారగ్రంథసూచి, ప్రథమ ప్రచురణ, చాటువు.

1. ప్రవేశిక:
మధురాంతకం రాజారాం (1930-1999) చిత్తూరు జిల్లా పల్లె జీవితాన్ని నాలుగు దశాబ్దాలకు పైగా కథలుగా రాసిన ఉపాధ్యాయుడు. 'మధురాంతకం రాజారాం కథలు' గ్రంథానికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం లభించింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో తెలుగు ఎం.ఏ. ముగించి పరిశోధనకు పూనుకొనేవారికి ఆయన కథలు సహజంగానే దగ్గరి విషయం. అయితే ఈ కోవకు చెందిన వ్యాసాలు చాలావరకు సూచిలో "మధురాంతకం రాజారాం కథలు, విశాలాంధ్ర" అన్న ఒక్క పంక్తితో మూలాధారాన్ని ముగిస్తాయి. వ్యాసం చర్చించింది పది కథలను, సూచి చూపింది ఒక పుస్తకాన్ని. ఆ పది కథల్లో ఏది ఎప్పటిదో పాఠకుడికి తెలిసే మార్గం లేదు.

2. కథ తేదీ, పుస్తకం తేదీ:
నవలకు సాధారణంగా ఒక ప్రథమ ముద్రణ ఉంటుంది. కథ అలా కాదు. మొదట వారపత్రికలోనో మాసపత్రికలోనో అచ్చవుతుంది. కొన్నేళ్లకు రచయిత వేసుకున్న చిన్న సంపుటిలో చేరుతుంది. తరువాత సమగ్ర సంపుటాల్లోకి, వేరొకరు కూర్చిన సంకలనాల్లోకి వెళ్తుంది. ఈ నాలుగు చోట్లా నాలుగు సంవత్సరాలుంటాయి. పరిశోధకుని చేతిలో ఉన్నది చివరిది మాత్రమే.

ఇక్కడ జరిగే పొరపాటును ఒక ఊహా సందర్భంతో చూడవచ్చు. ఒక పరిశోధకుడు రాజారాం కథల్లో వ్యవసాయ సంక్షోభాన్ని పరిశీలిస్తూ 'హాలికులైన నేమి' కథను 1990ల నాటి సమగ్ర సంపుటి నుంచి చదివి, వ్యాసంలో (రాజారాం, 1993) అని సూచిస్తాడు. కొన్ని పేజీల తరువాత సరళీకరణ విధానాల ప్రభావం ఈ కథలో కనిపిస్తున్నదని రాస్తాడు. సూచిలో ఉన్న సంవత్సరమే వాదానికి పునాది అయింది. ఆ సంవత్సరం సంపుటిదో పురస్కారానిదో తప్ప కథది కాదు. కథ సరళీకరణకు ముందే పత్రికలో వచ్చిందని తేలితే వాదం మొత్తం కూలిపోతుంది. దీన్ని పట్టుకోవడం పరీక్షకునికి కష్టం కాదు. సూచిలోని సంవత్సరాలన్నీ ఒకే దశాబ్దంలో ఉండి, చర్చ మాత్రం 'తొలి దశ, మలి దశ' అని సాగితే అక్కడ అనుమానించాలి.

దీనికి పరిష్కారం ప్రతి కథకూ విడిగా ఒక నమోదు. రచయిత పేరు, కథ పేరు, మొదట అచ్చయిన పత్రిక, సంచిక తేదీ, ఆపైన చదివిన సంపుటి, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, కథ ఉన్న పుటలు ఈ వరుసలో ఉండాలి. కొన్ని సంపుటాల్లో కథ చివర పత్రిక పేరు, తేదీ అచ్చువేస్తారు. లేనప్పుడు శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం ఆశ్రయం. వారి సూచికలో కథ పేరుతో వెతికితే పత్రిక, తేదీ తెలిసే అవకాశం ఉంది. అయితే సూచికలో దొరికిన తేదీ, పరిశోధకుడు కళ్లతో చూసిన సంచిక ఒకటి కావు. సంచికను చూడకపోతే "కథానిలయం సూచిక ప్రకారం" అని చెప్పడమే న్యాయం. ఎక్కడా దొరకని కథకు ప్రథమ ప్రచురణ స్థానంలో "తేదీ లభ్యం కాలేదు" అని రాయాలి. సంపుటి సంవత్సరంతో ఆ ఖాళీని నింపకూడదు.

పుట సంఖ్యతో పాటు కథ పేరు ఉండటానికి మరో కారణం ఉంది. మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో చదివే పరిశోధకునికి ఒక ముద్రణ దొరకవచ్చు, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలోని పరీక్షకుని ముందు మరో ముద్రణ ఉండవచ్చు. అప్పుడు పుటలు కలవవు. కథ పేరు ఉంటే వాక్యం దొరుకుతుంది.

3. ఇంటిపేరు, ప్రచురణకర్త:
ఆంగ్ల శైలీపత్రాలను అనుసరించి 'రాజారాం, మధురాంతకం' అని తిప్పి రాయడం తెలుగులో అనవసరం. తెలుగు పేరులో ఇంటిపేరు ముందే ఉంది. తిప్పడంవల్ల ఇంటిపేరు వెనక్కి పోయి, అకారాది క్రమంలో ఆయన 'మ'లో కాక 'ర'లో చేరతాడు. ఇంటిపేరు మాత్రమే రాసినా చిక్కే. మధురాంతకం నరేంద్ర కూడా ప్రసిద్ధ కథకుడే కనుక వ్యాసంలో "మధురాంతకం, పుట 40" అంటే తండ్రో కొడుకో తెలియదు. పూర్తి పేరే రాయాలి.

ప్రచురణకర్త విషయంలో మరో తరచైన తప్పు. పుస్తకం లోపలి పుటలో "ప్రతులకు" అని ఉన్న చిరునామాను ప్రచురణ సంస్థగా నమోదు చేస్తారు. అది అమ్మకపు చోటు మాత్రమే. రచయిత సొంతంగా వేసుకున్న పుస్తకానికి రచయితే ప్రచురణకర్త. ఈ జిల్లా రచయితల పుస్తకాల్లో అటువంటివి తక్కువేమీ కాదు. ప్రచురణ స్థలానికి ఊరి పేరు చాలు, జిల్లా అక్కరలేదు. మదనపల్లె 2022లో అన్నమయ్య జిల్లాలో చేరింది. పాత పుస్తకంలో చిత్తూరు జిల్లా అని ఉంటే దాన్ని దిద్ది రాయడం మూలాన్ని మార్చడమే.

4. శీర్షికలోని మాట, ముందుమాటలోని మాట:
'హాలికులైన నేమి' అన్న శీర్షిక పోతనకు చెందినదిగా ప్రచారంలో ఉన్న పద్యంలోని మాట. కృతిని రాజులకు అంకితమివ్వక పొలం దున్నుకొని బతకడాన్ని ఎంచుకొన్న కవి చిత్రం ఆ పద్యంతోనే నిలిచింది. ఈ కథను చర్చించేవారు ఆ పద్యాన్ని ప్రస్తావించకుండా ఉండరు. అయితే అది భాగవతంలోని పద్యం కాదు, పోతన పేర నిలిచిన చాటువు. "పోతన, శ్రీమదాంధ్రమహాభాగవతం" అని సూచిలో రాసినవారు భాగవతాన్ని తెరవలేదని ఆ ఒక్క నమోదే చెబుతుంది. ఈ సందర్భంలో వేటూరి ప్రభాకరశాస్త్రి 'చాటుపద్యమణిమంజరి' వంటి సంకలనాలు వెతికి, పద్యం ఎక్కడ కనిపిస్తే ఆ సంకలనాన్నే చూపాలి. "పోతన రాసినది" అనక "పోతనకు ఆరోపితం" అనాలి.

ముందుమాటల సంగతి మరింత సున్నితం. సంపుటి ముందుమాటలో ఒక విమర్శకుడు చెప్పిన పరిశీలన, వాక్యం కొంచెం మారి, పరిశోధకుని సొంత నిర్ణయంగా వ్యాసంలో కనిపిస్తుంది. మూలాధారమైన సంపుటి సూచిలో ఉంది కదా అని సమాధానపడతారు. కాని సంపుటి రాజారాంది, ముందుమాట మరొకరిది. ముందుమాట రచయిత పేరుతో, ముందుమాట పుటలతో విడి నమోదు కావాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల్లో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదన్నది ఇక్కడ అడ్డం రాదు. పోలికల లెక్క మాటలను పట్టుకుంటుంది గాని మార్చి రాసిన అభిప్రాయాన్ని పట్టుకోదు. దాన్ని పట్టుకునేది ఆ ముందుమాటను చదివిన మరో పాఠకుడే. రాజారాం సంపుటాలు ఈ ప్రాంతపు తెలుగు శాఖల్లో చదవనివారు అరుదు.