లిరికల్ వీడియోలో అవధారణ: పలికే ఏకారం, కదిలే అక్షరం

లిరికల్ వీడియోలలో ఊనిక గల పదాన్ని, దాని తొలి అక్షరం పలికే క్షణానే, పెద్ద అక్షరాలతో తెరపైకి తేవడం పరిపాటి. ఊనికను పదమంతటిపై మోపే ఈ పద్ధతి తెలుగు అవధారణార్థకానికి పొసగదు. "వాడు రేపే వస్తాడు" అన్న వాక్యాన్ని పరిశీలిద్దాం. ఇందులో అవధారణ 'రేపు' అన్న మాటలో లేదు, చివరి ఏకారంలో ఉంది. సెకనుకు 25 ఫ్రేములు గల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. 'రే' పలకడానికి 200 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, గొంతు ఇంకా పలకని ఏకారాన్ని తెర 5 ఫ్రేముల ముందే బయటపెడుతుంది. ప్రేక్షకునికి ఇది తెర లోపమని తోచదు; పలుకే చప్పగా ఉన్నదనిపిస్తుంది.

పదాన్ని మామూలు పరిమాణంలో ప్రవేశపెట్టి, 6వ ఫ్రేమున 'పే' ఒక్కదాని రంగును గాఢం చేయడం మేలు. ఏత్వాన్ని మాత్రమే కదిలించాలన్న ఉబలాటం తగదు. యూనికోడ్‌లో అది వేరు సంకేతమే అయినా, విడదీస్తే చుక్కల వలయంపై వేలాడే గుర్తుగా మిగులుతుంది.

పాటలో మాత్రల లెక్క చాలదు. ఛందస్సులో గురువుకు ఎప్పుడూ రెండు మాత్రలే. గాయకుడు 'రే'ను తాళావర్తం పొడవునా సాగదీయవచ్చు. అప్పుడు ధ్వని తరంగాన్నే చూడవలె. పకారం వద్ద పెదవులు మూసుకొని తరంగం సన్నగిల్లుతుంది. అది మరల లేచే ఫ్రేమే ఏకారం మొదలయ్యే చోటు.