నగర నిర్మాణ క్రీడలో ‘మరణ తరంగం’: ఒక పరిశీలన

ఫిన్లాండుకు చెందిన కొలోసల్ ఆర్డర్ సంస్థ 2015లో రూపొందించిన ‘సిటీస్: స్కైలైన్స్’ వీడియో గేమ్‌లో నగర పతనానికి బీజం చాలాసార్లు ఆటగాడు విజయంగా భావించిన నిర్ణయంలోనే పడుతుంది. ఆటగాళ్లు ‘డెత్ వేవ్’ అని పిలిచే పరిణామం ఇందుకు నిదర్శనం.

ఖజానా నిండగానే ఆటగాడు విశాలమైన ప్రాంతాన్ని ఒకేసారి నివాస మండలంగా కేటాయిస్తాడు. ఇళ్లు త్వరగా నిండుతాయి. పన్నుల రాబడి పెరుగుతుంది. అయితే అలా వచ్చి చేరినవారిలో అత్యధికులు ఒకే ఈడువారు. కనుక చాలాకాలం తర్వాత వారు దాదాపు ఒకే సమయంలో మరణిస్తారు. శవవాహనాలు ఒక్కుమ్మడిగా రోడ్లెక్కి రద్దీలో చిక్కుకుంటాయి. మృతదేహాన్ని సకాలంలో తరలించని ఇల్లు పాడుబడుతుంది, రాబడి పడిపోతుంది. లోపం రోడ్లదేనని ఆటగాడు భ్రమపడతాడు. జనాభా పట్టికలో వృద్ధుల వాటా అంతకుముందే పెరుగుతూ వచ్చిన సంగతి అతని దృష్టికి రాదు. శ్మశానవాటికలు పెంచితే నిర్వహణ వ్యయం పెరుగుతుందే గాని మూలకారణం తొలగదు. ఖాళీ అయిన ఇళ్లలో మళ్లీ ఒకే ఈడువారు చేరితే మరో తరంగానికి రంగం సిద్ధమవుతుంది. మండలాలను విడతలుగా విస్తరించడమే దీనికి నివారణ.

వాస్తవ నగరాలకు భిన్న వయస్కులు వలస వస్తారు; వారి ఆయుర్దాయాలూ భిన్నమే. కాబట్టి ఈ తరంగపు తీవ్రతకు ఆటగాడి తొందరపాటుతో పాటు క్రీడలోని సరళీకరణ కూడా కారణమే. అయినప్పటికీ ఈ క్రీడ ఒక నిజాన్ని పట్టుకుంది: ఆదాయ వ్యయ పట్టిక నేటి రాబడినే చూపుతుంది, దానితో పాటు పుట్టిన రేపటి భారాన్ని చూపదు.