పీడీఎఫ్‌/ఏ: తనిఖీదారు పనితనం

ఎమ్మిగనూరు చేనేత కుటుంబంలో ఆస్తి పంపకం తగాదా వచ్చింది, ఆదోని కోర్టులో దావా వేయాలి అనుకుందాం. డీటీపీ షాపులో టైపు చేయించిన దావా పత్రం ముప్పై ఏళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలి, ఇవాళ ఉన్నట్టే కనపడాలి. అందుకోసమే 2005లో ఐఎస్ఓ 19005 ప్రమాణం పీడీఎఫ్‌/ఏ అనే రకాన్ని నిర్దేశించింది. పత్రం కనపడటానికి కావాల్సినవన్నీ, ముఖ్యంగా ఫాంట్లు, ఫైలులోనే ఉండాలి. పాస్‌వర్డ్ తాళం ఉండకూడదు.

చిక్కేమిటంటే, ‘నేను పీడీఎఫ్‌/ఏ’ అని ఫైలు తనకు తానే చెప్పుకుంటుంది. లోపలి మెటాడేటాలో `pdfaid:part`, `pdfaid:conformance` అని రెండు గుర్తులు రాస్తే చాలు, రీడర్ ఆ మాట నమ్మి పైన పట్టీ చూపిస్తుంది. ఆ మాట నిజమో కాదో తేల్చడానికి యూరోపియన్ యూనియన్ ప్రిఫోర్మా ప్రాజెక్టు కింద తయారైనదే వెరాపీడీఎఫ్. ఉచితం, సోర్సు కోడ్ బహిరంగం. నాకు దీంట్లో ముచ్చటగొలిపేది పరీక్షలు కట్టిన తీరు: ప్రమాణంలోని నిబంధనలను చిన్న చిన్న నియమాలుగా విడగొట్టి, వాటికి నెగ్గే ఫైళ్లు, ఓడే ఫైళ్లు విడివిడిగా తయారుచేశారు. తనిఖీదారును కూడా తనిఖీ చేయవచ్చన్నమాట.

మన దావా పత్రంపై నడిపిద్దాం:

```
verapdf -f 2u daava.pdf
```

`2u` అంటే పీడీఎఫ్‌/ఏ-2, అక్షరాలన్నింటికీ యూనికోడ్ జత ఉండాలనే స్థాయి. ఏ స్థాయికి పరీక్షించాలో మనమే చెప్పాలి. చెప్పకపోతే ఫైలు తన గురించి చెప్పుకున్నదాన్నే అది ప్రాతిపదికగా తీసుకుంటుంది. నివేదికలో `isCompliant="false"` వచ్చి, కింద 6.2.11.4.1 నిబంధన కనిపిస్తే సాధారణంగా ఏదో ఫాంటు ఫైలులో చేరలేదని అర్థం. ఫాంటు చేర్చి మళ్లీ పీడీఎఫ్ తీస్తే ఆ తప్పు పోతుంది. ‘ఎర్రర్ వచ్చింది’ అని ఊరుకోకుండా ఏ నిబంధన తప్పిందో నంబరుతో చెప్పడం దీని మర్యాద.

అసలు గండం తెలుగుకే ఉంది. పేజీమేకర్లో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, లోపల ఇంగ్లిషు అక్షరాల కోడ్లుగానే దాగి ఉంటుంది. తెరపై ‘ఎమ్మిగనూరు’ చక్కగా కనపడుతుంది. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే అర్థంలేని లాటిన్ గుర్తులు వస్తాయి. అయినా వెరాపీడీఎఫ్ దాన్ని పాస్ చేయవచ్చు. ప్రతి అక్షరానికీ యూనికోడ్ జత ఉందా, అది సున్నా లాంటి చెల్లని విలువా అన్నదే అది చూస్తుంది. ఆ జత సరైన తెలుగు అక్షరమేనా అన్నది ప్రమాణం అడగలేదు కాబట్టి అదీ అడగదు. ఇది తప్పు కాదు, నిజాయితీ గల హద్దు.

కాబట్టి పీడీఎఫ్ తీసేముందే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మారిన ఒత్తులు, సంఖ్యలు మూలంతో సరిచూడండి. పాస్ వచ్చాక వాది పేరును, ఊరి పేరును ఫైలులో వెతకండి. దొరకకపోతే ఆ పీడీఎఫ్‌ను కోర్టుకు పంపకండి.