గీత జారిన చోటు

మైపాడులో చేపల వేట, వంట వీడియోలు ఎడిట్ చేసే తమ్ముడొకడు నాకు తెలుసు. ఎపిసోడ్ పెట్టిన రెండ్రోజులకు యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గీత తెరుస్తాడు. మొదటి అర నిమిషంలో గీత పడటం మామూలే. అతని చూపు ఆ తర్వాత ఉన్నట్టుండి జారిన చోట ఆగుతుంది.

మొన్నటి చేపల పులుసు వీడియోలో 2:10 దగ్గర గీత గుంటపడి, 3:00కి మళ్లీ లేచింది. లేచిందంటే జనం వెళ్లిపోలేదు, వీడియోను ముందుకు జరుపుకున్నారు. అక్కడున్నది పడవ ప్రయాణం: ఒకే షాట్, గాలి హోరు. మామిడికాయ ముక్కలు వేసే చోట చిన్న గుట్ట. అది వెనక్కి తిప్పి చూసిన గుర్తు. "సరే అన్నా, ఇక తిందాం" అనగానే గీత జారిపోయింది, మళ్లీ లేవలేదు. ఆ మాట వీడ్కోలులా వినబడింది మరి!

ఎక్కించిన వీడియోలో కత్తిరించొచ్చు గానీ కొత్త షాట్ అతికించలేం. అందుకే మార్పంతా తర్వాతి ఎపిసోడ్‌లోనే. పడవను పన్నెండు సెకన్లకు కుదించి, వల లాగేటప్పటి కబుర్లు దానిమీద పరిచాడు. "తిందాం" తీసేసి నేరుగా ముద్ద కలిపే చేతికి దూకాడు.

వీడియోలో ఓ తాత మౌనంగా వల బాగుచేసే షాట్ దగ్గరా గీత కొంచెం జారుతుంది. దాన్ని మాత్రం ముట్టుకోడు.