ఉల్లి కొట్టు చీటీలో 4.6

మొన్న మంగళవారం పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయలు తూస్తున్న కొట్టు యజమాని సగంలో చెయ్యి ఆపేశాడు. గల్లాపెట్టెలోంచి నాలుగు మడతల కాగితం తీసి, “మాస్టారూ, ఇదేటో ఓపాలి సూడండి” అన్నాడు. ప్రోటీన్ పొడులు అమ్మేవాళ్లు పెట్టిన శిబిరంలో, చెప్పులు విడిచి మెషీన్ ఎక్కితే ఇచ్చిన చీటీ అది. కొవ్వు శాతం, కండ శాతం, నీటి శాతం, అన్నిటికన్నా కింద ఎర్ర అక్షరాల్లో ఫేజ్ యాంగిల్ 4.6, దాని పక్కనే ‘కణాల వయసు 61’. అతనికి 44 ఏళ్లు. “నా కణాలు సచ్చిపోతన్నాయంట. నిజవేనా?”

చాలా కోపం వచ్చింది. తెల్లవారుజామున మూడింటికి లారీ దగ్గర నిలబడి సరుకు దింపించుకునే మనిషిని అలా భయపెట్టి పొడి డబ్బా అంటగట్టారు. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పట్టింపు తెలుసు: కొలిచింది వేరు, లెక్క కట్టింది వేరు. ఆ చీటీ చింపెయ్యమని చెప్పబోయి, ఎందుకో ఆగాను. రెండు రోజులు టైమిమ్మని ఇంటికొచ్చాను.

నన్ను ఆపింది ఒక బంగాళాదుంప. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో ఏటా ఒక ప్రయోగం చేయించేవాణ్ని. ఉదయం ఇదే మార్కెట్‌లో కొన్న దుంపలో వరసగా నాలుగు స్టీలు సూదులు గుచ్చేవాళ్లం. చివరి రెండు సూదుల గుండా సెకనుకు 50,000 సార్లు అటూ ఇటూ ఊగే సన్నని కరెంటు పంపి, మధ్య రెండిటి నడుమ వోల్టేజి చూసేవాళ్లం. ఆసిలోస్కోపు తెర మీద రెండు అలలు కనబడతాయి, ఒకటి కరెంటుది, ఒకటి వోల్టేజిది. పచ్చి దుంపలో అవి ఒకదాని మీద ఒకటి కూర్చోవు. కరెంటు అల కొంచెం ముందుంటుంది, వోల్టేజిది వెనకబడుతుంది. ఆ వెనకబాటును డిగ్రీల్లో చెబితే అదే ఫేజ్ యాంగిల్.

తరవాత అదే దుంపను తొక్కతోనే ఉడికించి, బాగా చల్లార్చి, సూదుల మధ్య దూరం మార్చకుండా మళ్లీ గుచ్చేవాళ్లం. అలలు దాదాపు ఒకటైపోయేవి. ఒక ఏడాది ఒకమ్మాయి, “నీళ్లు పోయాయేమో సార్” అంది. తూకం వేశాం, బరువు పెద్దగా తగ్గలేదు. నీరూ ఉప్పూ ఉన్నచోటే ఉన్నాయి. పోయింది కణాల చుట్టూ ఉన్న పొర. వేడికి అది చితికిపోతే కణం లోపలి ద్రవమూ బయటి ద్రవమూ ఒకటైపోతాయి, అక్కడ మిగిలేది ఉప్పునీళ్లే. ఉప్పునీళ్లు కరెంటును అడ్డుకుంటాయి గానీ దాచుకోవు, అందుకే కోణం సున్నా దగ్గరికి వస్తుంది. పొర ఉన్నంతసేపూ ప్రతి కణమూ ఒక చిన్న కెపాసిటర్. అది ఛార్జిని ఓ క్షణం పట్టి ఉంచుకుని వదులుతుంది. 1925లో హ్యూగో ఫ్రికే ఎర్ర రక్తకణాల కెపాసిటెన్స్ కొలిచి, దాన్నించి ఆ పొర మందం 3.3 నానోమీటర్లని లెక్క తేల్చాడు. ఆ పొరను కంటితో చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అప్పటికింకా రాలేదు. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడిచేది.

మనిషి ఒంట్లోనూ జరిగేది ఇదే. మెషీన్ రెండు సంఖ్యలు కొలుస్తుంది. R అంటే ఒంట్లోని ద్రవాలు కరెంటును అడ్డుకున్న లెక్క. Xc అంటే పొరలు దాన్ని పట్టి ఉంచిన లెక్క. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కోణం తెలుస్తుంది: arctan(Xc/R). ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది సుమారు 5 నుంచి 7 డిగ్రీలుంటుంది. మగవాళ్లలో కొంచెం ఎక్కువ, వయసు పైబడితే తక్కువ. 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక అల పూర్తి కావడానికి 20 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి, 6 డిగ్రీలంటే మైక్రోసెకనులో మూడో వంతు ఆలస్యం. మెషీన్ అంత చిన్నదాన్ని పట్టుకోవాలి. అరికాలు పొడిబారి పగిలి ఉన్నా, చేతులు ఒంటికి ఆని ఉన్నా లెక్క తప్పుతుంది.

గురువారం అతన్ని నాకు తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ముందు గుండెలో పేస్‌మేకర్ లేదు కదా అని అడిగారు, ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చెయ్యరు. పది నిమిషాలు పడుకోబెట్టి, చేతులు ఒంటికి, తొడలు ఒకదానికొకటి తగలకుండా ఎడం చేసి, కుడి చేతి మీద రెండు, కుడి పాదం మీద రెండు స్టిక్కర్లు అంటించారు. R 470, Xc 49 వచ్చింది. కోణం దాదాపు 6. “మరి ఆ మిసను తప్పు సెప్పిందా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. అక్కడ సరుకు దింపించి వచ్చి నిలబడి ఉన్నాడు, గంటల తరబడి నిలబడితే కాళ్లలోకి నీరు దిగుతుంది. కణాల బయట నీరు పెరిగితే కోణం పడుతుంది. పైగా మెషీన్ వేరు, కరెంటు వెళ్లే దారి వేరు. ఆ 4.6నీ ఈ 6నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ‘కణాల వయసు’ మాత్రం ఎవరూ కొలవలేదు, ఏదో పట్టికతో పోల్చి తేల్చిన మాట.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి, నేను చీటీ చింపించే పక్షానే ఉన్నానని మీరనుకోవచ్చు. కానీ మా అమ్మ చివరి ఏడాది నన్ను అలా అననివ్వదు. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఒకసారి మొదలుపెట్టే ముందు R 430, Xc 30, కోణం 4. నాలుగు గంటల్లో రెండున్నర లీటర్ల నీరు తీశాక R 520, Xc 46, కోణం 5.1. నాలుగు గంటల్లో కణాలేవీ బాగుపడవు, నీరు పోయిందంతే. ఒక్క కొలతను నమ్మకూడదని నాకు నేర్పింది ఆ రోజే. విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన మనిషికి ఇదే కోణం పెరిగి కనిపిస్తుంది, అది ఆరోగ్యం కాదు.

అయితే ఆ తరవాతి నెలల్లో, డయాలసిస్ ముగిసిన అరగంటకి, అదే మంచం మీద, అదే మెషీన్‌తో తీసిన కొలతలు 5.1 నుంచి 4.9కి, 4.6కి, 4.4కి దిగాయి. బరువు మాత్రం గ్రాము మారలేదు. అందరం స్థిరంగా ఉందనుకున్నాం. లోపల కండ కరిగిపోతూ, ఆ జాగాలోకి నీరు చేరుతోంది. తూకం చూపించనిది కోణం చూపించింది. దాన్ని చూశాకే డాక్టరుగారు ఇంకా నీరు లాగాలని అమ్మ డ్రై వెయిట్ తగ్గించారు, డైటీషియన్ గుడ్లు పెంచారు. డయాలసిస్ రోగుల్లో కోణం తక్కువగా ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. అయితే ఎందుకు తక్కువైందో, కండ పోయిందా, నీరు చేరిందా, రెండూనా అన్నది అది చెప్పదు. ఆ పని డాక్టరుదే.

నా పాత పట్టింపుతోనే మళ్లీ ఆ చీటీ చూశాను. కొవ్వు శాతం, కండ శాతం, రెండూ ఎత్తూ బరువూ వయసూ కలిపి, ఎవరెవరి ఒళ్లనో కొలిచి తయారుచేసిన సమీకరణాల్లోంచి వచ్చినవి. సమీకరణం సాయం లేకుండా అతని ఒంట్లోంచి నేరుగా వచ్చింది, నేను కొట్టిపారెయ్యబోయిన ఆ ఒక్క కోణమే.

శనివారం కొట్టుకి వెళ్లి చీటీ వెనక రాసిచ్చాను: R 470, Xc 49, పడుకుని, ఉదయం ఆరున్నర, పరగడుపున. మూడు నెలల తరవాత అదే మంచం మీద, అదే వేళకి మళ్లీ తీయించుకుంటానన్నాడు. పొడి డబ్బా మూత తియ్యకుండా ఉల్లి బస్తాల వెనక ఉంది.